వార్తల్లో పదం: అసెట్ అలొకేషన్

పొదుపును షేర్లు, బాండ్లు, బంగారం మధ్య ఏ పాళ్లలో పంచాలో నిర్ణయించుకోవడమే అసెట్ అలొకేషన్. వయసును బట్టి ఈ పాళ్లు ఎందుకు మారాలో 2008 పతనం చెబుతుంది. ఆ జనవరిలో 21 వేల దగ్గరున్న సెన్సెక్స్, 2009 మార్చికి 8 వేల చిల్లరకు జారింది. అంటే దాదాపు 60 శాతం నష్టం.

అలాంటి దెబ్బ మళ్లీ తగిలిందనుకుందాం. ముప్పై ఏళ్ల ఉద్యోగి దగ్గర 5 లక్షలుంటే, అందులో 70 శాతం షేర్లయితే, పోయేది 2.10 లక్షలు. నెలకు 15 వేలు దాస్తే 14 నెలల్లో పూడుతుంది. పైగా ఆ నెలల్లో షేర్లు చవగ్గా దొరుకుతాయి.

యాభై అయిదేళ్ల వ్యక్తి 50 లక్షలను అదే పాళ్లలో పెడితే పోయేది 21 లక్షలు. నెలకు 30 వేలు దాచినా 70 నెలలు కావాలి. అరవైకి రిటైరయ్యేవారికి మిగిలింది 60 నెలలే! షేర్లు 30 శాతమే అయితే నష్టం 9 లక్షలు, పూడేది 30 నెలల్లో.

బంగారం వడ్డీ ఇవ్వదు. రెండు వయసుల్లోనూ పది, పదిహేను శాతం చాలు. అమ్మడానికి మనసొప్పని నగలను ఈ లెక్కలో కలపకండి. పీఎఫ్‌ను మాత్రం బాండ్ల వాటాలో వేసుకోండి.