అసిస్టెంట్ ఎడిటర్ ఉద్యోగానికి రాసే లేఖ

చిన్న నిర్మాణ సంస్థలో అసిస్టెంట్ ఎడిటర్ పోస్టుకు వచ్చిన లేఖను చాలాసార్లు ఎడిటరే చదువుతాడు. షూటింగ్ నుంచి వచ్చిన కార్డులు అప్పగిస్తే భద్రంగా చూసుకుంటాడా, తెల్లారేసరికి ఫుటేజ్‌ను ఎడిటింగ్‌కు సిద్ధం చేస్తాడా అన్నదే అతని ప్రశ్న. పుణె, కోల్‌కతా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ల నుంచి వచ్చినవాళ్లయినా, హైదరాబాద్‌లో చదివినవాళ్లయినా ఆ ప్రశ్నను పక్కనపెట్టి, సినిమా మీద తమకున్న ప్రేమతో లేఖ మొదలుపెడతారు. ఆ ప్రేమ దరఖాస్తు చేసిన అందరికీ ఉంటుంది కాబట్టి దానివల్ల ఎవరినీ ఎంచుకోలేరు.

ఈ ఉద్యోగంలో కట్ చేసే అవకాశం తక్కువ. కార్డులోని ఫైళ్లను రెండు మూడు డ్రైవ్‌లకు కాపీ చేసి, కాపీ అసలుతో సరిపోయిందో లేదో చెక్‌సమ్‌తో చూసుకోవాలి. అప్పటిదాకా కార్డును ఫార్మాట్ చేయనివ్వకూడదు. తర్వాత తేలికపాటి ప్రాక్సీ ఫైళ్లు తయారుచేయాలి, విడిగా రికార్డయిన శబ్దాన్ని బొమ్మతో సింక్ చేయాలి, షాట్లను సీన్లవారీగా సర్దాలి. అందువల్ల లేఖలో ‘సాఫ్ట్‌వేర్ వచ్చు’ అన్న మాట కంటే డిప్లొమా ఫిల్మ్‌లో ఎదురైన ఒక్క చిక్కును పూర్తిగా వివరించడం మేలు.

ఉదాహరణకు, ఒక విద్యార్థి సింక్ చేసిన పది నిమిషాల టేక్‌లో క్లాప్ దగ్గర బొమ్మ, శబ్దం సరిగ్గా కలిశాయి. చివరికి వచ్చేసరికి పెదాలు ముందు కదులుతున్నాయి, మాట వెనక వినిపిస్తోంది. క్లాప్ తప్పుగా కలిపి ఉంటే తేడా మొదటి నుంచి ఒకేలా ఉండాలి. ఇక్కడ అది పోనుపోను పెరుగుతోంది కాబట్టి లోపం వేగంలో ఉందని అర్థం. వెతికితే కెమెరా సెకనుకు 23.976 ఫ్రేమ్‌లతో తీసిందని, వాటిని 24 ఫ్రేమ్‌ల ప్రాజెక్ట్‌లో అదే వేగానికి నడిపారని తేలింది. తేడా వెయ్యింట ఒక వంతే అయినా పది నిమిషాలకు అది 0.6 సెకను, అంటే సుమారు 14 ఫ్రేమ్‌లు. 23.976తో కొత్త ప్రాజెక్ట్ తెరిచి మళ్లీ సింక్ చేయడంతో సరిపోయింది. ఎలా కనిపెట్టారో, ఎలా సరిచేశారో చెప్పే ఇలాంటి నాలుగైదు వాక్యాలు చదివాక ఎడిటర్‌కు అభ్యర్థి పనితీరు మీద ఒక అంచనా వస్తుంది.

తెలియనివీ రాయాలి. సౌండ్ స్టూడియోకు ఏఏఎఫ్ ఫైల్ పంపిన అనుభవం ఉండి, డీఐకి ఎప్పుడూ పంపకపోతే అదే మాట చెప్పాలి. మొదటి వారంలోనే బయటపడే విషయాన్ని దాచడంలో లాభం లేదు. షోరీల్ కంటే టైమ్‌లైన్, ఫోల్డర్ల అమరిక కనిపించే ఒక స్క్రీన్‌షాట్ జతచేస్తే ఈ పోస్టుకు ఎక్కువ ఉపయోగం. చివర్లో ఎప్పటినుంచి చేరగలరో, రాత్రి షిఫ్టులకు వీలవుతుందో లేదో రాయాలి. ఫిల్మ్ లింక్‌కు పాస్‌వర్డ్ ఉంటే దాన్ని లింక్ పక్కనే ఇవ్వాలి. మొత్తం ఒక పేజీ దాటకూడదు.