బ్రాంచికి ఒక లెక్క

ఒకే బ్యాంకుకు ఒకే ఊళ్లో రెండు బ్రాంచిలు ఉన్నాయనుకుందాం. బస్టాండు దగ్గరి బ్రాంచిలో పొద్దున తలుపు తీసేసరికే పింఛను తీసుకునేవాళ్లు, పాసుబుక్కు ప్రింటు వేయించుకునేవాళ్లు, డబ్బు కట్టేవాళ్లు బారులు తీరి ఉంటారు. కొత్త కాలనీలోని బ్రాంచి రోజంతా ఖాళీగా కనిపిస్తుంది, కానీ ఇళ్ల రుణాల ఫైళ్లన్నీ అక్కడే కదులుతుంటాయి. వీటిలో ఏది తన సిబ్బందిని బాగా వాడుకుంటోంది?

బ్యాంకులు మామూలుగా డిపాజిట్లూ రుణాలూ కూడి సిబ్బంది సంఖ్యతో భాగిస్తాయి. ఒక్కో ఉద్యోగికి ఎంత బిజినెస్ అన్నది అలా తేలుతుంది. ఈ కొలతలో బస్టాండు బ్రాంచి ఏటా వెనకబడుతుంది, ఎందుకంటే అక్కడి సిబ్బంది రోజూ చేసే చాకిరీలో చాలా భాగం ఆ మొత్తంలోకి రానే రాదు. పోనీ, ప్రతి పనికీ మార్కులు పెడదామంటే కౌంటర్ లావాదేవీకి ఎంత, రుణానికి ఎంత? ఆ అంకెలను హెడ్డాఫీసు నిర్ణయించిన క్షణానే గెలిచేదెవరో, ఓడేదెవరో తేలిపోతుంది.

ఈ చిక్కు ముందుగా ఎదురైంది బ్యాంకుల్లో కాదు, బడుల్లో. అమెరికాలో పేద పిల్లల చదువు కోసం నడిచిన ‘ఫాలో త్రూ’ అనే ప్రభుత్వ కార్యక్రమాన్ని ఎడ్వార్డో రోడ్స్ తన పరిశోధనకు తీసుకున్నారు. చదవడంలో, లెక్కల్లో వచ్చే మార్కులతో పాటు పిల్లల ఆత్మగౌరవం కూడా అక్కడ ఫలితమే. వీటికి బజారులో ధర లేదు. ఎం.జె. ఫారెల్ 1957లో వేసిన పునాది మీద రోడ్స్, అబ్రహాం చార్న్స్, విలియం కూపర్ కలిసి 1978లో ఒక పద్ధతిని ప్రచురించారు. అదే డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్. 1985లో డేవిడ్ షెర్మన్, ఫ్రాంక్లిన్ గోల్డ్ ఈ పద్ధతితో ఒక పొదుపు బ్యాంకు బ్రాంచిలు 14 తీసుకుని కొలిచారు. సిబ్బంది, అద్దె, సామగ్రి ఖర్చు ఒకవైపు, రకాలవారీగా లావాదేవీల సంఖ్య మరోవైపు పెట్టారు.

పద్ధతి గుండెకాయ ఇది: ఏ పనికి ఎంత విలువ కట్టాలో హెడ్డాఫీసు చెప్పదు, ప్రతి బ్రాంచీ తనకు తానే ఎంచుకుంటుంది. తనకు అన్నిటికన్నా లాభించే విలువలనే ఎంచుకోవచ్చు. షరతు ఒక్కటే. అవే విలువలతో మిగతా బ్రాంచిలన్నిటినీ కూడా లెక్కగట్టాలి, ఎవరికీ 100 శాతం దాటకూడదు. ఆ హద్దులో తనకు వచ్చే అత్యధిక స్కోరే ఆ బ్రాంచి సామర్థ్యం. హద్దుల లోపల ఒక మొత్తాన్ని వీలైనంత పెంచడం లీనియర్ ప్రోగ్రామింగ్ పని. ఎన్ని బ్రాంచిలుంటే అన్ని చిన్న లెక్కలు చేయాలి.

చేతితో చేయగలిగే ఉదాహరణ ఒకటి చూద్దాం. అంకెలు లెక్క కోసం కల్పించినవే. క, గ, చ, ట అని నాలుగు బ్రాంచిలు, ప్రతిదానిలోనూ పదేసి మంది సిబ్బంది. ‘క’ రోజుకు 600 కౌంటర్ లావాదేవీలు చేస్తుంది, నెలకు 20 రుణాలు ఇస్తుంది. ‘గ’ చేసేవి 200 లావాదేవీలు, 60 రుణాలు. ‘చ’వి 300, 30. ‘ట’వి 600, 10. ఇప్పుడు ‘చ’ వంతు. లావాదేవీ విలువను x, రుణం విలువను y అనుకుంటే దాని లెక్క ఇంతే:

```
max  300x + 30y
     600x + 20y <= 1
     200x + 60y <= 1
     300x + 30y <= 1
     600x + 10y <= 1
     x, y >= 0
```

మొదటి వరుస ‘చ’ స్కోరు. తర్వాతి నాలుగూ క, గ, చ, టల స్కోర్లు 1 దాటకూడదన్న షరతులు. సిబ్బంది అందరికీ సమానం కాబట్టి దాన్ని 1గా తీసుకున్నాం. దీన్ని సాధిస్తే x = 0.00125, y = 0.0125 వస్తాయి. అంటే ఒక రుణం పది లావాదేవీలకు సమానం అనుకోవడమే ‘చ’కు అన్నిటికన్నా మేలు. అంత మేలు చేసుకున్నా దాని స్కోరు 0.75 దగ్గరే ఆగిపోతుంది. క, గ రెండూ సరిగ్గా 1కి చేరి దానికి అడ్డు నిలిచాయి.

ఇదే లెక్కను తిరగేసి చూస్తే ఆ 75 శాతానికి అర్థం దొరుకుతుంది. ‘క’ పద్ధతిలో పనిచేసే మూడు ముప్పాతిక మందిని, ‘గ’ పద్ధతిలో పనిచేసే మూడు ముప్పాతిక మందిని కలిపితే ఏడున్నర మంది. వాళ్లు రోజుకు 300 లావాదేవీలూ, నెలకు 30 రుణాలూ పూర్తి చేస్తారు. ‘చ’ చేస్తున్నదీ అంతే, కానీ పదిమందితో. లెక్క మార్కు ఇచ్చి ఊరుకోలేదు, ఎవరిని చూసి నేర్చుకోవాలో కూడా చెప్పింది. రీజనల్ మేనేజరుకు స్కోరు కన్నా ఈ రెండు పేర్లే ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం.

తక్కువ స్కోరును నమ్మవచ్చు అనడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ‘మా పనికి మీరు సరైన విలువ కట్టలేదు’ అని ‘చ’ మేనేజరు అనలేడు. విలువ కట్టుకున్నది ఆ బ్రాంచే. మరి 100 శాతాన్ని కూడా అంతే నమ్మవచ్చా?

‘ట’ను చూడండి. దాని లెక్క విడిగా చేస్తే సరిగ్గా 100 శాతం వస్తుంది. కానీ అదే సిబ్బందితో, అన్నే లావాదేవీలతో పాటు ‘క’ 20 రుణాలు ఇస్తుంటే ‘ట’ ఇచ్చేవి పదే. రుణానికి సున్నా విలువ పెట్టుకుని ‘ట’ తన లోటును దాచేసింది. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. స్కోరుతో పాటు ఎంచుకున్న విలువలూ చూడాలి, సున్నా కనిపిస్తే ఆగాలి. స్కోరు తేలాక రెండో విడతగా ‘ఇంకా ఏ పని ఎంత పెరగవచ్చు’ అని లెక్కించడం అందుకే ఆనవాయితీ అయింది. అప్పుడు ‘ట’ దగ్గర పది రుణాల వెలితి బయటపడుతుంది.

కొలిచే అంశాలు పెరిగేకొద్దీ ఈ దాగుడుమూతలు పెరుగుతాయి. పది బ్రాంచిలకు ఎనిమిది అంశాలు పెడితే దాదాపు ప్రతి బ్రాంచీ తాను మెరిసే మూల ఒకటి వెతుక్కుంటుంది, స్కోర్లన్నీ 100 దగ్గరే గుమిగూడతాయి. బ్రాంచిల సంఖ్య, కొలిచే అంశాల మొత్తానికి కనీసం మూడు రెట్లు ఉండాలని ఈ రంగంలో వాడుక. మన ఉదాహరణలో అంశాలు మూడు కాబట్టి తొమ్మిది బ్రాంచిలైనా కావాలి. నాలుగింటితో చేసింది అర్థం కావడానికే.

టైపు పొరపాటు ఇంకో ప్రమాదం. సగటు ఆధారంగా కొలిచే పద్ధతుల్లో ఒక తప్పు అంకె అందరి మధ్యా పలచబడిపోతుంది. ఇక్కడ పోలిక అగ్రస్థానంలో ఉన్నవాళ్లతోనే కాబట్టి తప్పు నేరుగా తగులుతుంది. ‘క’ లావాదేవీలు 600కు బదులు 6000 అని పడితే, ఏ మార్పూ లేని ‘చ’ స్కోరు 75 నుంచి 52కి జారిపోతుంది. చాలా బ్రాంచిలకు ఒకే బ్రాంచి ఆదర్శంగా పదే పదే వస్తుంటే ముందు దాని రిజిస్టర్లు తనిఖీ చేయాలి. దాన్ని తీసేసి లెక్క మళ్లీ నడిపి, స్కోర్లు ఎంత మారాయో చూడాలి. మన నలుగురిలో ‘గ’ను తీసేస్తే ‘చ’కు కూడా 100 వస్తుంది. 100 అంటే ఈ గుంపులో తనను మించినవాళ్లు కనబడలేదని మాత్రమే. గుంపంతా మందకొడిగా ఉన్నా ఎవరో ఒకరికి 100 రాక తప్పదు.

బ్రాంచి పరిమాణం మాటేమిటి? ముగ్గురుండే పల్లె బ్రాంచిని నలభై మంది ఉండే నగర బ్రాంచిలో చిన్న వంతుగా చూడడం న్యాయమా? ఈ ప్రశ్నకు రాజీవ్ బ్యాంకర్, చార్న్స్, కూపర్ 1984లో జవాబిచ్చారు. ఆదర్శ బ్రాంచిలను కలిపే పాళ్ల మొత్తం ఒకటికి సమానం కావాలని అదనంగా ఒక్క షరతు చేర్చారు. దాంతో తన స్థాయికి దగ్గరి బ్రాంచిలతోనే పోలిక కుదురుతుంది. అయితే ఈ షరతు పెడితే ఏ బ్రాంచి స్కోరూ తగ్గదు, పెరగవచ్చు. అన్నిటికన్నా తక్కువ సిబ్బంది ఉన్న బ్రాంచి అది ఒక్కటే అయితే, పని ఎలా ఉన్నా దానికి 100 వచ్చేస్తుంది. అలాంటి బ్రాంచి విషయంలో లెక్కను పక్కన పెట్టి, మనిషిని పంపి చూడడమే మార్గం.