వానకు నిలిచే మట్టి గోడ

మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి, ప్రెస్సులో గట్టిగా అదిమి, కాల్చకుండా వాడేవి సిమెంటు మట్టి ఇటుకలు. అలాంటి మిశ్రమాన్నే గోడ లేచే చోట పలకల మధ్య పదిహేను సెంటీమీటర్ల మందాన పోసి, పది సెంటీమీటర్లకు దిగేదాకా దిమ్మిసతో కొడుతూ పోతే దిమ్మిస గోడ అవుతుంది. రెండింటికీ ముందు చూడాల్సింది మట్టినే.

మట్టిలోని బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. సిమెంటు ప్రధానంగా ఇసుక రేణువులను పట్టి ఉంచుతుంది. బంక ఎక్కువైతే ఆ పట్టు ఉబ్బుకు తట్టుకోలేక సడలిపోతుంది. అందుకే నల్లరేగడి ఈ పనికి పనికిరాదు. దానికి సున్నం నయమే గాని, సున్నం గట్టిపడటానికి నెలలు పడుతుంది. తెలంగాణ, రాయలసీమల్లోని ఎర్రనేలలు చాలాచోట్ల అనుకూలం. పైపొరలో ఆకులు, వేర్లు కుళ్లి ఉంటాయి కాబట్టి దాన్ని తీసేసి కింది మట్టినే తవ్వుకోవాలి.

గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి ఉంచితే ఇసుక నిమిషంలోనే అడుగుకు చేరుతుంది. బంక మర్నాటికి గాని పైన పొరగా కనిపించదు. ఇది ఉజ్జాయింపు లెక్కే, అయినా చాలా చెబుతుంది. బంక పది నుంచి పదిహేను శాతం ఉంటే మేలు. ముప్పై శాతం తేలితే మట్టికి సమానంగా ఇసుక గాని, క్రషర్ డస్టు గాని కలిపితే సగానికి దిగుతుంది.

ఆ మిశ్రమానికి సాధారణంగా బరువులో 5 శాతం సిమెంటు చాలు. యాభై కిలోల బస్తాకు 950 కిలోల పొడి మిశ్రమం. 23×19×10 సెంటీమీటర్ల ఇటుక ఎనిమిది కిలోలు తూగుతుంది గనుక బస్తాకు సుమారు 120 ఇటుకలు వస్తాయి. మట్టి సరిగా లేనప్పుడు సిమెంటు పెంచుకుంటూ పోవడం డబ్బు దండగ. ముందు పొడిగా కలిపి, తర్వాతే నీళ్లు చల్లాలి. ముద్ద చేసి ఛాతీ ఎత్తు నుంచి వదిలితే నాలుగైదు ముక్కలవ్వాలి. పొడిపొడిగా రాలితే నీళ్లు చాలలేదు, ముద్దగానే ఉంటే ఎక్కువయ్యాయి. నీళ్లు తగిలాక అరగంటలో అదిమేయాలి, లేకుంటే సిమెంటు ముందే బిగుసుకుంటుంది. తర్వాత నాలుగు వారాలు తడి ఆరకుండా గోనెలు కప్పి ఉంచాలి. ఈ క్యూరింగులోనే చాలామంది తొందరపడతారు.

పొడి ఇటుక బలం చూసి మోసపోకూడదు. తడిస్తే ఆ బలం సగానికి కూడా పడిపోవచ్చు. ఒక రోజు నీళ్లలో నానబెట్టి తీశాక అంచులు రాలితే, గోటితో గీస్తే లోతుగా దిగితే ఆ ఇటుకను గోడకు వాడకూడదు.

గోడను వాన ఎక్కువగా కొట్టేది పైకప్పు అంచునా, నేలమీంచి చిందే చోటా. రాతి బేస్‌మెంటు నేలకు కనీసం అడుగున్నర ఎత్తు లేవాలి, దానిపై తేమ ఎక్కకుండా ఒక పొర వేయాలి. చూరు రెండడుగులైనా ముందుకు రావాలి. నైరుతి వాన నేరుగా కొట్టే గోడకు వసారా వేయడం మంచిది. తేమను బయటికి పోనివ్వని ప్లాస్టిక్ రంగులు పూస్తే లోపలి తడి బందీ అయి పై పొర ఊడిపోతుంది, సున్నపు పూత అయితే గోడ ఊపిరి తీసుకుంటుంది. చూరు తగ్గించి మిగిల్చిన డబ్బు మరమ్మతులకే పోతుంది కాబట్టి ఖర్చు తగ్గించుకోవాలంటే ఇంకెక్కడైనా తగ్గించుకోవాలి.