పందెం పద్దులో తేదీ ఎందుకు?

అమెరికా ఫెడరల్ పన్ను చట్టం దృష్టిలో పందెంలో గెలిచిన సొమ్ము కూడా జీతం లాంటి ఆదాయమే. అది కేసినోలో స్లాట్ మెషీన్ ఇచ్చిందా, గుర్రప్పందెంలో వచ్చిందా, ఫోన్‌లోని యాప్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ మీద కాస్తే వచ్చిందా అన్న తేడా లేదు. 2018 మే నెలలో న్యూజెర్సీ రాష్ట్రం గెలిచిన కేసులో సుప్రీంకోర్టు క్రీడా పందేలకు అడ్డుగా ఉన్న ఫెడరల్ చట్టాన్ని కొట్టివేసింది. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం వీటిని అనుమతిస్తూ వచ్చింది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్ పట్టణం ఆ న్యూజెర్సీలోనే ఉంది. అక్కడ ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు యాప్‌లో చిన్న చిన్న పందేలు కాసే వ్యక్తికి పన్ను వేళ ఎదురయ్యే చిక్కు గెలుపుతో రాదు. ఓటమిని రుజువు చేయలేకపోవడంతో వస్తుంది.

గెలుపు ఒకచోట, ఓటమి మరోచోట

ఏడాదంతా గెలిచినదీ ఓడినదీ కూడి తీసివేసి, మిగిలినది మాత్రమే చూపిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఫెడరల్ రిటర్న్‌లో అలా కుదరదు. గెలిచిన పందేల లాభమంతా 1040 ఫారానికి జతచేసే షెడ్యూల్ 1లో ఆదాయంగా చూపాలి. ఓడిన సొమ్మును షెడ్యూల్ ఎలో, విడివిడి మినహాయింపుల జాబితాలో వేరే వస్తుగా రాయాలి. అది గెలుపు మొత్తాన్ని మించకూడదు. మిగిలిన నష్టాన్ని వచ్చే ఏడాదికి మోసుకుపోవడానికీ వీల్లేదు. పైగా ఈ జాబితా ఎంచుకున్నవాళ్లు అందరికీ దొరికే స్టాండర్డ్ డిడక్షన్ వదులుకోవాలి. 2026 సంవత్సరానికి పెళ్లికానివారికి ఆ డిడక్షన్ 16,100 డాలర్లు.

2025లో వచ్చిన చట్టం దీనికి మరో బిగింపు చేర్చింది. 2026 నుంచి ఓడిన సొమ్ములో 90 శాతమే లెక్కకు వస్తుంది. పది వేలు గెలిచి పది వేలు ఓడినవారికి తొమ్మిది వేల నష్టమే ఉన్నట్టు లెక్క. చేతిలో ఏమీ మిగలకపోయినా వెయ్యి డాలర్ల మీద పన్ను పడుతుంది.

పందేలనే వృత్తిగా చేసుకున్నవారు తమ లెక్కను వ్యాపార ఆదాయంలా చూపవచ్చు. ఆ హోదా దక్కాలంటే బతుకుతెరువు కోసం, క్రమం తప్పకుండా, నిరంతరంగా ఆ పనే చేస్తుండాలని 1987లో గ్రోట్‌జింగర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వారమంతా ఆఫీసు పని చేసే జీతగాడికి అది సాధారణంగా వర్తించదు. అందుకే అతనికి షెడ్యూల్ ఎ ఒక్కటే దారి. ఆ దారిలో కేసినోకు వెళ్లిన పెట్రోలు, హోటల్ ఖర్చులు లెక్కకు రావు.

ఒక లెక్క

ఎడిసన్‌లో ఉండే పెళ్లికాని ఉద్యోగిని ఉదాహరణగా తీసుకుందాం. 2026లో అతను గెలిచిన పందేల లాభం మొత్తం 30,000 డాలర్లు. ఓడిన పందేలలో పోయింది 31,000. అంటే నిజంగా అతని జేబుకు పడిన చిల్లు వెయ్యి డాలర్లు. అతని జీతం 24 శాతం శ్లాబులో ఉందనీ, రాష్ట్ర పన్ను వంటి ఇతర మినహాయింపులు 8,000 ఉన్నాయనీ అనుకుందాం.

నష్టానికి రుజువు ఉంటే 31,000లో 90 శాతం, అంటే 27,900 డాలర్లు షెడ్యూల్ ఎలోకి వెళ్తాయి. మిగతా ఎనిమిది వేలతో కలిపి 35,900 అవుతుంది. స్టాండర్డ్ డిడక్షన్‌తో దొరికే 16,100 కన్నా ఇది 19,800 ఎక్కువ. ఆదాయంలో కలిసిన 30,000లోంచి ఈ 19,800 తీసేస్తే, పందేల వల్ల అదనంగా పన్ను పడేది 10,200 మీద. 24 శాతం చొప్పున అది 2,448 డాలర్లు. వెయ్యి పోగొట్టుకున్నవాడు ఇంత పన్ను కట్టడం బాధాకరమే. కానీ రుజువు లేకపోతే సంగతి ఇంకా దిగజారుతుంది. స్టాండర్డ్ డిడక్షన్‌తో సరిపెట్టుకోవాలి, 30,000 మొత్తం మీదా పన్ను కట్టాలి. అది 7,200 డాలర్లు. ఫెడరల్ పన్ను వరకే తేడా 4,752.

న్యూజెర్సీ రాష్ట్ర పన్ను నియమం దీనికన్నా ఉదారం. అదే ఏడాది వచ్చిన నష్టాన్ని గెలుపులోంచి నేరుగా తీసివేయనిస్తుంది. కాబట్టి ఈ ఉద్యోగికి రాష్ట్రంలో పందేల ఆదాయం సున్నా. అయితే అక్కడా నష్టానికి ఆధారం చూపగలగాలి. చూపలేకపోతే 6.37 శాతం శ్లాబులో 30,000 మీద మరో 1,911 డాలర్లు పడతాయి. ఇల్లినాయిలో మాత్రం ఎంత చక్కని పద్దు ఉన్నా, వృత్తిగా ఆడని వ్యక్తి నష్టాన్ని తీసివేసే అవకాశమే లేదు. అక్కడ పద్దు ఉపయోగపడేది ఫెడరల్ రిటర్న్‌కే.

తేదీ తేల్చే విషయాలు

మొత్తం ఎంత పోయిందో తెలిస్తే చాలదు, ఎప్పుడు పోయిందో తెలియాలి. ఒక ఏడాది నష్టం ఆ ఏడాది గెలుపుకే చెల్లుతుంది. సెప్టెంబరులో ఒక జట్టు సూపర్ బౌల్ గెలుస్తుందని కాసిన పందెం తేలేది మరుసటి ఫిబ్రవరిలో. డబ్బు యాప్ నుంచి కదిలింది ఒక ఏడాది, గెలుపో ఓటమో ఖాయమైంది ఇంకో ఏడాది. పన్ను లెక్క ఖాయమైన రోజునే పట్టుకుంటుంది. అందుకే కాసిన తేదీ, తేలిన తేదీ రెండూ పద్దులో ఉండాలి.

స్లాట్ మెషీన్ల విషయంలో గంటలకూ విలువ ఉంది. మీట నొక్కిన ప్రతిసారీ లెక్క రాయడం ఎవరికీ సాధ్యం కాదు. ఒక విడతలో ఎంతతో కూర్చుని ఎంతతో లేచారో, ఆ తేడానే లాభంగానో నష్టంగానో చూడవచ్చని ఐఆర్‌ఎస్ న్యాయవిభాగం 2008లో వివరణ ఇచ్చింది. ఆ విడత ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో రాసి ఉంచినవారికే ఈ వెసులుబాటు పనికొస్తుంది. క్రీడా పందేలలో ఇలాంటి విడతలు ఉండవు. ప్రతి పందెమూ విడిగా తేలుతుంది.

చదువుకోవడానికి వచ్చి ఉద్యోగంలో చేరినవారికి తేదీ మరో కారణంతోనూ ముఖ్యం. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా పన్ను పరంగా నాన్‌రెసిడెంట్. ఆ హోదాలో గెలుపు మీద 30 శాతం పన్ను పడుతుంది, నష్టం తీసివేయనివ్వరు. బ్లాక్‌జాక్, రూలెట్ వంటి కొన్ని ఆటల గెలుపుకు మాత్రం పన్ను ఉండదు. రెసిడెంట్ హోదా ఏడాది మధ్యలో మొదలైతే, ఆ రోజుకు ముందు గెలుపుకు ఒక నియమం, తర్వాతి గెలుపుకు వేరొకటి. తేదీలు లేని మొత్తాన్ని అలా రెండుగా విడదీయడం కుదరదు.

ఏమేమి రాయాలి

నష్టం రుజువుకు ఎలాంటి పద్దు కావాలో ఐఆర్‌ఎస్ 1977లోనే ఒక మార్గదర్శకంలో చెప్పింది. పందెం తేదీ, దాని రకం, ఆడిన సంస్థ పేరు, చిరునామా, వెంట ఉన్నవారి పేర్లు, గెలిచిన లేదా ఓడిన మొత్తం రాయాలి. స్లాట్ అయితే మెషీన్ నంబరు, టేబుల్ ఆట అయితే టేబుల్ నంబరు, గుర్రప్పందెం అయితే రేసు నంబరు చేర్చాలి. యాప్ పందేలకు ఒక స్ప్రెడ్‌షీట్ సరిపోతుంది. ఒక వరుస ఇలా ఉంటుంది: కాసిన తేదీ జనవరి 10, తేలిన తేదీ జనవరి 11, యాప్ పేరు, టికెట్ నంబరు, మ్యాచ్, కాసినది 100, తిరిగి వచ్చినది 190, లాభం 90. తిరిగి వచ్చిన 190లో వంద ముందు కాసిన సొమ్మే కనుక అది గెలుపు కాదు.

ఈ రాత ఏ రోజుది ఆ రోజు జరగాలి. నోటీసు వచ్చాక కూర్చుని రాసిన పద్దు ఇట్టే దొరికిపోతుంది. అంకెలన్నీ గుండ్రంగా ఉంటాయి, గెలిచిన రోజులు కనపడవు, ఊరెళ్లిన రోజున కూడా కేసినోలో ఆడినట్టు ఉంటుంది. ఒక్క తేదీ బ్యాంకు స్టేట్‌మెంటుతో పొసగకపోయినా మిగతా పద్దు మీద నమ్మకం సడలుతుంది.

ఏమేమి దాచాలి

సొంత రాతకు బయటి కాగితం తోడు ఉండాలి. యాప్‌లోని పందేల చరిత్రను నెలనెలా దింపుకుని దాచడం మంచిది. ఖాతా మూసేశాకో, ఆ సంస్థ రాష్ట్రం విడిచి వెళ్లాకో అది దొరక్కపోవచ్చు. దానితోపాటు యాప్‌లో డబ్బు వేసిన, తీసిన వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, రేసు టికెట్లు, సంస్థ ఇచ్చే డబ్ల్యూ-2జి ఫారాలు ఉంచాలి. నలుగురు కలిసి కొన్న లాటరీ టికెట్ గెలిస్తే ఎవరి వాటా ఎంతో చూపే 5754 ఫారం నకలు కూడా దాచుకోవాలి. లేకపోతే టికెట్ చేతిలో ఉన్నవాడి మీదే మొత్తం గెలుపు పడే ప్రమాదం ఉంది.

వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు. కేసినోలో ఏటీఎం నుంచి తీసిన డబ్బు ఓడినదే కానక్కర్లేదు, జేబులో ఇంటికి వచ్చి ఉండవచ్చు. యాప్‌లో వేసిన సొమ్మూ అంతే, ఖాతాలో మిగిలి ఉండవచ్చు. ఓడిన రేసు టికెట్లు నేల మీంచి ఏరుకున్నవి కావచ్చన్న అనుమానానికి తావుంది. ఏడాది చివర కేసినో ఇచ్చే గెలుపోటముల పత్రంలో ఆ కార్డు పెట్టి ఆడిన ఆటలే ఉంటాయి. రోజువారీ పద్దు, యాప్ చరిత్ర, బ్యాంకు స్టేట్‌మెంటు ఒకే తేదీన ఒకే మాట చెప్పినప్పుడే రుజువు గట్టిపడుతుంది.

డబ్ల్యూ-2జి రాలేదు కాబట్టి పన్ను లేదనుకోవడం మరో పొరపాటు. స్లాట్ గెలుపుకు ఆ ఫారం ఇచ్చే పరిమితి 2026లో 1,200 నుంచి 2,000 డాలర్లకు పెరిగింది. క్రీడా పందెంలో పరిమితి దాటడమే కాక, గెలుపు కాసినదానికి కనీసం 300 రెట్లు ఉంటేనే ఫారం వస్తుంది. మామూలు పందేలకు అది దాదాపు రాదు. అయినా ఆ గెలుపు ఆదాయమే. దాన్ని లెక్కకట్టడానికి ఆటగాడి పద్దు తప్ప మరో ఆధారం ఉండదు.

రిటర్న్ దాఖలు చేశాక సాధారణంగా మూడేళ్ల వరకు ఐఆర్‌ఎస్ దాన్ని తిరగదోడవచ్చు. చూపిన స్థూల ఆదాయంలో నాలుగో వంతుకు మించి ఆదాయం వదిలేసి ఉంటే గడువు ఆరేళ్లు. గెలుపు చూపకుండా వదిలేసిన జీతగాడు ఆ రెండో కోవలోకి జారే అవకాశం ఉంది గనుక, ఏ ఏటి కట్ట ఆ ఏడాది రిటర్న్‌తో కలిపి ఆరేళ్లు దాచడం క్షేమం.