చెక్కు వెనక్కి వస్తేనే వాయిదాల ఒప్పందం
హవల్లీలో చిన్న దుకాణానికి వేసవిలో నగదు కరువైతే సరుకిచ్చినవాళ్లతో ఎలా మాట్లాడాలి?

హవల్లీలోని ఇబ్న్ ఖల్దూన్ వీధిలో కంప్యూటర్ దుకాణాలకు జూలై, ఆగస్టు గడ్డు నెలలు. స్కూళ్లకు సెలవులు. మనవాళ్లలో చాలామంది ఇండియా విమానం ఎక్కేసి ఉంటారు. అద్దె మాత్రం సెలవు తీసుకోదు, షువైఖ్‌లో అరువుకు తెచ్చిన సరుకు గడువూ ఆగదు. సెప్టెంబరులో డబ్బు వస్తుందని తెలుసు, కట్టాల్సిందేమో జూలై 30న. ఇలాంటప్పుడు చాలామంది హోల్‌సేలర్ ఫోన్ ఎత్తడం మానేస్తారు. కువైట్‌లో అంతకంటే ప్రమాదం మరొకటి లేదు. కారణం, అతని సొరుగులో మనం సంతకం చేసిన చెక్కు ఉంటుంది.

ఇక్కడి వాణిజ్య చట్టం ప్రకారం చెక్కు చూపగానే చెల్లించాలి. మనం సెప్టెంబరు తేదీ వేసి ఇచ్చినా, అతను ఆగస్టులోనే బ్యాంకుకు తీసుకెళ్లవచ్చు. ఖాతాలో డబ్బు లేదని తెలిసీ చెక్కు ఇచ్చారని తేలితే శిక్షాస్మృతిలోని 237వ అధికరణం కింద క్రిమినల్ కేసు అవుతుంది. బ్యాంకుకు చెప్పి చెల్లింపు ఆపించినా అదే అధికరణం వర్తిస్తుంది. పైగా సాధారణంగా కంపెనీలో 51 శాతం వాటా కువైటీ భాగస్వామిదైనా, చెక్కు మీద సంతకం దుకాణం నడిపే మనవాడిదే అయితే ముందు పిలిచేది అతన్నే. బాకీదారు దేశం దాటకుండా ప్రయాణ నిషేధం కోరే హక్కు కూడా అప్పిచ్చినవారికి ఉంది.

అందుకే మాట మొదలుపెట్టాల్సింది గడువుకు పది రోజుల ముందు, చేతిలో లెక్కతో. ఒక దుకాణం లెక్క ఊహించి చూద్దాం.

బాకీ 3,600 దీనార్లు, గడువు జూలై 30. చేతిలో ఉన్నది 900. ఒక ప్రైవేటు స్కూలు నుంచి రావాల్సిన బిల్లు 2,800, సెప్టెంబరు రెండో సగంలో ఇస్తామంటున్నారు. అద్దె, ఇద్దరి జీతాలు, కరెంటు, ఇతర ఖర్చులు కలిపి నెలకు 950. సరుకు కొన్న ధర పోగా దుకాణంలో మిగిలేది వేసవిలో నెలకు 1,100, స్కూళ్లు తెరిచాక 1,700. అంటే ఖర్చులు పోగా ఆగస్టులో మిగిలేది 150, సెప్టెంబరు నుంచి నెలకు 750.

ఈ లెక్క ముందు మనకే ఒక మాట చెబుతుంది. స్కూళ్లు తెరిచాక కూడా ఆ 750 కనిపించకపోతే అది తాత్కాలిక ఇబ్బంది కాదు, దుకాణమే నష్టంలో ఉందన్నమాట. అప్పుడు వాయిదాలు అడిగితే అప్పు సాగుతుందే తప్ప తీరదు. దుకాణం చిన్నది చేసుకోవడమో, మూసెయ్యడమో మాట్లాడుకోవాలి.

ఇక ప్రతిపాదన. జూలై 30నే 600 కట్టాలి. చేతిలో 300 మిగులుతుంది, ఆ మాత్రం ఊపిరి అవసరం. ఏమీ ఇవ్వకుండా గడువు అడిగే వాడికీ, ఆరో వంతు బల్ల మీద పెట్టి అడిగే వాడికీ తేడా హోల్‌సేలర్‌కు బాగా తెలుసు. ఆగస్టు చివర 100. సెప్టెంబరు నుంచి నెలకు 500. మిగిలేది 750 అయినా 750 కడతానని ఒప్పుకోకూడదు. ఒక్క నెల అమ్మకం తగ్గితే మాట పోతుంది. ఈ లెక్కన మిగతా 2,900 ఐదు నెలలు 500 చొప్పున, ఆఖరున ఫిబ్రవరిలో 400తో తీరుతుంది. ఇందులో స్కూలు డబ్బు ఒక్క ఫిల్సు కూడా కలపలేదు. అసలు బలం అక్కడే ఉంది: స్కూలు ఆలస్యం చేసినా ఒప్పందం నిలబడుతుంది.

స్కూలు డబ్బుకు వేరే షరతు రాయాలి: అందిన మూడు పనిదినాల్లో అందులో సగం, అంటే 1,400, హోల్‌సేలర్‌కు కట్టి చివరి వాయిదాల్లో తగ్గించుకోవాలి. అది సెప్టెంబరులోనే వస్తే బాకీ ఫిబ్రవరికి బదులు నవంబరు చివరికే తీరిపోతుంది. మొత్తం ఎందుకు ఇవ్వకూడదని అతను అడుగుతాడు. జవాబు సూటిగా చెప్పాలి: మిగతా సగంతో కొత్త సరుకు మీ దగ్గరే నగదుకు కొంటాను. సీజన్‌లో అరలు ఖాళీగా ఉంటే ఆ 500 ఎక్కడి నుంచీ రాదు. నగదు కొనుగోలు మాట అతనికి వడ్డీ కంటే రుచిస్తుందని నా అభిప్రాయం.

ఈ మాట ఎవరితో అన్నది కూడా ముఖ్యమే. సరుకు తెచ్చే సేల్స్‌మన్ ‘ఫర్వాలేదు భాయ్, నేను చెబుతాలే’ అంటాడు. అతని చేతిలో ఏమీ లేదు. అకౌంటెంట్‌ను కలవాలి, ఒప్పుకునే అధికారం ఉన్న యజమాని లేదా మేనేజర్ సంతకం కావాలి. వెళ్లేటప్పుడు ఒకే పేజీ చాలు: బాకీ బిల్లుల నంబర్లు, స్కూలు బిల్లు నకలు, వాయిదాల తేదీలు. కష్టాల కథ అక్కర్లేదు. ‘అన్నా, బాకీ 3,600 అని ఒప్పుకుంటున్నాను. 600 ఇప్పుడే కడుతున్నాను. మిగతాది ఈ తేదీల్లో. స్కూలు డబ్బు రాకపోయినా ఈ తేదీలు మారవు’ అంటే చాలు. ఎదుట ఈజిప్షియన్ ఉన్నా, మలయాళీ ఉన్నా విషయం ఇదే.

నోటిమాట కుదిరాక అదే రోజు వాట్సాప్‌లో రాసి పంపితే జ్ఞాపకానికి పనికొస్తుంది. ఒప్పందం మాత్రం కాగితం మీదే ఉండాలి, అరబిక్‌లోనూ ఉండాలి. కోర్టు భాష అదే. మనకు చదవడం రాకపోతే నమ్మకమైన అనువాదకుడితో చదివించుకున్నాకే సంతకం. న్యాయ శాఖ దగ్గర నమోదు చేయించిన అప్పు ఒప్పుకోలు పత్రం, అంటే ‘ఇక్రార్ దైన్’, అడిగితే కాస్త ఆగి ఆలోచించాలి. దాంతో అతను విడిగా దావా వేయకుండా నేరుగా వసూలు చర్యలకు వెళ్లవచ్చు. ఇవ్వకూడదని కాదు, దాని బలం తెలిసి ఇవ్వాలి.

అసలు బేరం పాత చెక్కు గురించి. 3,600 చెక్కు అతని దగ్గరే ఉంచి మనం 600 కడితే, రేపు కోపం వచ్చి పూర్తి మొత్తానికి దాన్ని బ్యాంకులో వేస్తే మన వాయిదాల కాగితం క్రిమినల్ కేసును ఆపుతుందన్న హామీ లేదు. కాబట్టి చెక్కు నంబరు, బ్యాంకు పేరు ఒప్పందంలో రాసి, మొదటి చెల్లింపు రోజునే అసలు కాగితం వెనక్కి తీసుకోవాలి. తర్వాత ఇస్తాననే మాట ఒప్పుకోవద్దు. బదులుగా బ్యాంకు బదిలీ, రసీదు అని ప్రతిపాదించాలి. ఏదో ఒక హామీ కావాలంటే గడువు తేదీ ఉండే ప్రామిసరీ నోటు, ఇక్కడివాళ్లు ‘కంబియాలా’ అంటారు, చెక్కు కంటే మేలు. దాన్ని గడువుకు ముందు చెల్లించమనలేరు. చెక్కే కావాలని పట్టుబడితే అన్ని నెలలవీ ఒకేసారి ఇవ్వకుండా ఒక్కో వాయిదాకు ఒక్కటి, అదీ ఖాతాలో డబ్బు ఉన్నప్పుడే. కంపెనీ బాకీకి సొంత ఖాతా చెక్కు మాత్రం వద్దు. ఆ సంతకంతో కంపెనీ అప్పు మన ఇంటి అప్పవుతుంది.

‘ఒక్క వాయిదా తప్పితే మొత్తం ఒకేసారి కట్టాలి’ అనే వాక్యం అతని కాగితంలో దాదాపు తప్పకుండా ఉంటుంది. తీసేయమంటే ఒప్పుకోడు. దానికి ముందు ఏడు రోజుల వెసులుబాటు అడిగితే చాలామంది ఇస్తారు. వాయిదా కట్టడానికి చీటీ పాడుకుని డబ్బు ఎత్తేవాళ్లూ మనలో ఉన్నారు. అది బాకీని ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చడమే, పైగా చీటీ తోసిన నష్టం అదనం.

చివరి వాయిదా కట్టిన రోజున రసీదుతో సరిపెట్టుకోకుండా ‘ముఖాలసా’, అంటే బాకీ ఏమీ లేదనే పత్రం, కంపెనీ ముద్రతో, పాత బిల్లుల నంబర్లన్నీ రాయించి తీసుకోవాలి. కంబియాలాలు ఇచ్చి ఉంటే వాటి అసళ్లు కూడా అదే రోజు మన చేతికి రావాలి.