పైపు కోస్తుంటే రంపం మధ్యలో పట్టేస్తోందా? తప్పు చేతిలో కాదు.. బ్లేడ్ పళ్ల లెక్కలో!

రామంతాపూర్‌లో ఒక అద్దె ఫ్లాట్ నుంచి ఇంకో ఫ్లాట్‌కి మారారు అనుకుందాం. పాత ఇంటి కర్టెన్ రాడ్ కొత్త కిటికీకి నాలుగు అంగుళాలు పొడవు ఎక్కువైంది. ఇంత చిన్న పనికి మనిషిని పిలవడం దేనికని ఉప్పల్‌లోనో నాచారంలోనో హార్డ్‌వేర్ షాప్‌కి వెళ్లి హ్యాక్సా ఫ్రేమ్, ఒక బ్లేడ్ తెచ్చుకుంటారు. మొదట చకచకా తెగుతుంది. సరిగ్గా పైపు గోడ తెగి లోపలి ఖాళీ కనిపించగానే బ్లేడ్ 'టక్'మని పట్టేస్తుంది. గట్టిగా తోస్తే రెండు మూడు పళ్లు ఊడిపోతాయి, లేదంటే బ్లేడే విరిగిపోతుంది. బ్లేడ్ నాసిరకం అని తిట్టుకోవడం మామూలే. కానీ చాలాసార్లు బ్లేడ్ బాగానే ఉంటుంది, ఆ పైపుకి సరిపోయే బ్లేడ్ కాదు అంతే.

రంపం కొనేటప్పుడు చూడాల్సిన అంకె ఒకటుంది. అంగుళం పొడవులో ఎన్ని పళ్లు ఉన్నాయన్నదే అది. దీన్నే టీపీఐ అంటారు. హ్యాక్సా బ్లేడ్ల మీద సాధారణంగా 18, 24, 32 అని ఉంటుంది. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు కాబట్టి 18 పళ్ల బ్లేడ్‌లో ఒక పన్నుకీ ఇంకో పన్నుకీ మధ్య దూరం దాదాపు 1.4 మిల్లీమీటర్లు. 24 పళ్ల దాంట్లో ఒక మిల్లీమీటరు పైచిలుకు. 32 పళ్లదైతే 0.8 మిల్లీమీటర్లే. పనిలో పాటించే సూత్రం సింపుల్. కోసే వస్తువు మీద ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఆనుకుని ఉండాలి. అంతకంటే తగ్గితే పళ్లు కోయవు, ఇరుక్కుంటాయి.

ఇప్పుడు ఆ కర్టెన్ రాడ్ సంగతి చూద్దాం. అడ్డం 25 మిల్లీమీటర్లు, గోడ మందం ఒక మిల్లీమీటరు అనుకుంటే, పై నుంచి కోత మొదలుపెట్టినప్పుడు బ్లేడ్ గుండ్రటి పైపు వీపు మీద నడుస్తుంది. గోడ తెగే ముందు బ్లేడ్ కింద దాదాపు 10 మిల్లీమీటర్ల లోహం ఉంటుంది. 18 పళ్ల బ్లేడ్ అయినా ఏడు పళ్లు ఒకేసారి పనిచేస్తాయి. అందుకే మొదట అంత సాఫీగా వెళ్తుంది. గోడ తెగాక సీన్ మారిపోతుంది. బ్లేడ్ లోపలికి దిగేకొద్దీ దాని కింద మిగిలేది అటు ఒక పలుచటి అంచు, ఇటు ఒక పలుచటి అంచు. పైపు సగానికి చేరేసరికి ఒక్కో అంచు ఒక మిల్లీమీటరే. పళ్ల మధ్య దూరం 1.4 ఉన్నప్పుడు ఆ అంచు రెండు పళ్ల సందులో పడిపోతుంది. తోసినప్పుడు వెనక పన్ను వచ్చి దానికి గుద్దుకుంటుంది. ఆ 'టక్' శబ్దం అదే.

మరి 32 పళ్ల బ్లేడ్ తెస్తే సరిపోతుందా? పని చాలా తేలికవుతుంది, కానీ మూడు పళ్ల లెక్క అప్పటికీ పూర్తిగా కుదరదు. మిల్లీమీటరు గోడ మీద అది కూడా ఒకటీ అరా పన్నే ఆనిస్తుంది. అందుకే తెలిసినవాళ్లు పైపుని ఒకే దెబ్బకు కిందిదాకా కోయరు. ముందు పైపు చుట్టూ కాగితం చుట్టి, అంచులు కలిసేలా చూసి, దాని వెంట గీత గీస్తారు. గోడ తెగి బ్లేడ్ లోపలికి దిగగానే ఆపి, పైపుని కొద్దిగా తిప్పి, గీత వెంట మళ్లీ కొత్త చోట కోస్తారు. ఇలా తిప్పుతూ పోతే ప్రతిసారీ బ్లేడ్ పైపు వీపు మీదే నడుస్తుంది, ఎక్కువ పళ్లు ఆనుతాయి. పైపు లోపల బిగుతుగా పట్టే కర్ర ముక్క దూర్చి, దాంతో కలిపి కోయడం ఇంకో పద్ధతి. పైపు నొక్కుకుపోకుండా కూడా ఆ కర్ర కాపాడుతుంది.

బ్లేడ్ బిగించేటప్పుడు పళ్ల మొనలు పిడి వైపు కాకుండా ముందుకు చూడాలి. చాలా బ్లేడ్ల మీద బాణం గుర్తు ఉంటుంది. తోసేటప్పుడే ఒత్తిడి, వెనక్కి లాగేటప్పుడు తేలికగా. కోత సగంలో బ్లేడ్ విరిగితే కొత్తది తీసుకెళ్లి అదే గాడిలో పెట్టకూడదు. వాడిన బ్లేడ్ పళ్లు పక్కలకు అరిగి ఉంటాయి కాబట్టి అది కోసిన గాడి ఇరుకు. కొత్త బ్లేడ్ అందులో బిగుసుకుని అదీ విరుగుతుంది. పైపు తిప్పి రెండో వైపు నుంచి మొదలుపెట్టడమే దారి. తెగాక లోపలి అంచుని ఆకురాయితో రుద్దే వరకు వేలు పెట్టొద్దు, బ్లేడంత పదునుగా ఉంటుంది.

ప్లైవుడ్‌ దగ్గర సమస్య వేరు. 19 మిల్లీమీటర్ల షీట్ మీద 10 పళ్ల రంపానికి ఏడు పళ్లు ఆనుతాయి, ఇరుక్కునే భయం లేదు. ఇక్కడ భయమల్లా పైపొర గురించే. అది చాలా పలచన. పన్ను బయటికి వచ్చే వైపు ఆ పొరకు ఆనుకోడానికి ఏమీ ఉండదు, అందుకే చిట్లుతుంది. అంగుళానికి 10 నుంచి 12 పళ్లు, వీలైతే ఇంకా సన్నపళ్ల రంపం వాడితే ఒక్కో పన్ను తీసే పొట్టు తగ్గి చిట్లడం తగ్గుతుంది. తోసి కోసే రంపమైతే పళ్లు కిందివైపు బయటపడతాయి కాబట్టి షీట్ మంచి ముఖం పైకి ఉండాలి. జపాన్ తరహా లాగి కోసే రంపమైతే సరిగ్గా రివర్స్, మంచి ముఖం కిందికి. గీత మీద ముందే కత్తితో ఒకటికి రెండుసార్లు గట్టిగా గీస్తే పైపొర అక్కడే తెగి ఉంటుంది. మాస్కింగ్ టేప్ కన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుంది. రంపాన్ని నిలువుగా కాకుండా బాగా వాల్చి పట్టుకోవాలి.

ఇదే సన్నపళ్ల రంపం తీసుకుని మూడు అంగుళాల మందం టేకు ముక్క మీద పడితే చెయ్యి నొప్పే మిగులుతుంది. 12 పళ్ల రంపమైతే కర్ర లోపల ఒకేసారి 36 పళ్లు ఉంటాయి. ప్రతి పన్ను తీసిన పొట్టు, ఆ పన్ను బయటికి వచ్చేదాకా ముందున్న సందులోనే ఉండాలి. చిన్న సందులు వెంటనే నిండిపోతాయి. తర్వాత రంపం కోయదు, పొట్టు మీద జారుతుంది, వేడెక్కుతుంది. మందం కర్రకు అంగుళానికి 5 నుంచి 7 పళ్లున్న పెద్దపళ్ల రంపం కావాలి. కర్ర పొడవునా చీల్చే రంపం పళ్లు ఉలి మొనల్లా, అడ్డంగా కోసే రంపం పళ్లు కత్తి మొనల్లా ఉంటాయి. అడ్డకోత రంపంతో చీల్చొచ్చు, టైమ్ పడుతుంది. చీల్చే రంపంతో అడ్డంగా కోస్తే మాత్రం నార లేచి అంచు గరుకుగా వస్తుంది. పచ్చికర్ర అయితే కోత మూసుకుపోయి రంపాన్ని పట్టేస్తుంది, వెనకాల చిన్న చీల కొడితే వదులుతుంది.

కొనేముందు పళ్ల మొనలు నల్లగానో నీలంగానో మాడినట్టు ఉన్నాయేమో చూడాలి. అవి గట్టిపరిచిన పళ్లు. ఎక్కువ రోజులు పదునుగా ఉంటాయి కానీ మొద్దుబారాక ఆకురాయికి లొంగవు, కొత్త రంపం కొనాల్సిందే. మొనలు మిగతా రేకు రంగులోనే ఉంటే సాధారణంగా వడ్రంగి దగ్గర మళ్లీ పదును పెట్టించుకోవచ్చు.