అప్పటికే పెరిగిపోయిన షేరు వెంట పడటం

ఒక షేరు కొన్ని వారాల్లోనే రెట్టింపు అయ్యాక, దాన్ని కొనని మదుపరికి కలిగే ఆరాటాన్ని మార్కెట్లో ‘ఫోమో’ అంటారు. ఇంకా పెరుగుతుందేమో, తనొక్కడే మిగిలిపోతాడేమో అన్న భయమది. దాన్ని మనసులోంచి తోసేయడం ఎవరికైనా కష్టమే. అయితే ఆ భయంతో ఎన్ని షేర్లు కొంటారన్నది మాత్రం లెక్కతో తేల్చగలిగిన విషయం. 2024 జనవరిలో ఇండియన్ రైల్వే ఫైనాన్స్ కార్పొరేషన్, అంటే ఐఆర్ఎఫ్‌సీ షేరు నడిచిన తీరు చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

2021 జనవరిలో ఈ ప్రభుత్వ సంస్థ షేరును 26 రూపాయలకు జనానికి అమ్మింది. ఆ తర్వాత రెండేళ్లకు పైగా దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2023 జులైలో 33 రూపాయల దగ్గర ఉన్న ధర 2024 ఆరంభానికి 100 చేరింది. అక్కడి నుంచి మూడు వారాల్లోనే 190 దాటింది. ఫిబ్రవరి 1న రానున్న మధ్యంతర బడ్జెట్లో రైల్వేలకు భారీ కేటాయింపులు ఉంటాయన్న అంచనా అప్పుడు ప్రతి నోటా ఉంది. పైగా అప్పట్లో 86 శాతానికి మించిన షేర్లు ప్రభుత్వం చేతిలోనే ఉండేవి. బయట చేతులు మారేవి కొద్ది వాటాయే కాబట్టి కొనేవాళ్లు ఎగబడితే ధర ఇట్టే లేస్తుంది, అమ్మేవాళ్లు ఎగబడితే అలాగే జారుతుంది.

ఆ ఆరు నెలల్లో కంపెనీ లాభం పెద్దగా మారలేదన్నది గమనించాలి. రైల్వేల కోసం అప్పు తెచ్చి, కొద్దిపాటి నిర్ణీత మార్జిన్ వేసుకుని రైల్వేలకు ఇవ్వడం ఈ సంస్థ పని. ఏడాదికి షేరుకు వచ్చే లాభం ముందూ తర్వాతా దాదాపు 5 రూపాయలే. జులైలో మదుపరులు ఆ లాభానికి ఏడు రెట్లు ఇచ్చి కొంటే, జనవరిలో దాదాపు నలభై రెట్లు ఇచ్చి కొన్నారు. అంటే పెరిగింది వ్యాపారం కాదు, దానికి జనం కట్టిన వెల. ఇలాంటి ర్యాలీ తప్పని అనలేం, ఎందుకంటే అంతకుముందు వెల మరీ తక్కువగా ఉండి ఉండవచ్చు. కానీ జనం అభిప్రాయం మీద పెరిగిన ధర, ఆ అభిప్రాయం మారితే అంతే వేగంగా దిగుతుంది.

చార్టు ‘సాగిపోయింది’ అనడానికి కొలత ఉంది. గత 50 రోజుల ముగింపు ధరల సగటును 50 రోజుల మూవింగ్ యావరేజ్ అంటారు. ధర ఆ గీతకు ఎంత ఎత్తున ఉందో చూస్తారు. మామూలు రోజుల్లో అది కొద్ది శాతమే ఉంటుంది. ఆ జనవరిలో ఐఆర్ఎఫ్‌సీ ధర ఈ సగటుకు రెట్టింపు దాకా వెళ్లింది. అయితే సగటుకు దూరమైంది కాబట్టి రేపే పడుతుందని దీని అర్థం కాదు. 130 దగ్గరే ‘చాలా పెరిగింది’ అనుకుని పడిపోతుందని పందెం కాసినవాళ్లు కొద్ది రోజుల్లోనే దెబ్బతిని ఉంటారు. ధర ఎటు వెళుతుందో ఈ కొలత చెప్పదు. తప్పు జరిగితే ఎంత దూరం వెనక్కి రావాలో మాత్రం చెబుతుంది, కొనేవాడికి పనికొచ్చేది అదే.

రెండు లక్షల పెట్టుబడి ఉన్న ఒక మదుపరిని ఊహిద్దాం. ఏ ఒక్క కొనుగోలులోనూ 1 శాతానికి మించి, అంటే 2,000 రూపాయలకు మించి పోగొట్టుకోకూడదన్నది అతని నియమం. జనవరి పరుగులో 185 దగ్గర కొనాలనిపించింది. ‘ఇది తప్పు’ అని ఒప్పుకోవాల్సిన ధర ఎక్కడుంది? పరుగు మొదలైన చోటు 100. మధ్యలో ధర ఎక్కడా ఆగి కుదురుకోలేదు కాబట్టి చార్టులో అంతకంటే దగ్గరి ఆధారం లేదు. 185కీ 100కీ తేడా 85. 2,000ను 85తో భాగిస్తే 23 షేర్లు వస్తాయి, విలువ సుమారు 4,250 రూపాయలు. ఫోమో పట్టిన మనిషికి ఈ అంకె చిన్నతనంగా తోస్తుంది. కాని సాగిపోయిన చార్టు అతనికి నిజంగా అనుమతించేది అంతే.

ఇక్కడే చాలామంది తమను తాము మోసం చేసుకుంటారు. స్టాప్‌లాస్‌ను 175కు తెచ్చిపెడితే తేడా 10కి తగ్గుతుంది, 200 షేర్లు కొనవచ్చు, లెక్క కాగితం మీద కుదురుతుంది. కానీ ఆ రోజుల్లో షేరు ఒక్క పూటలోనే పది పదిహేను రూపాయలు ఊగుతోంది. మామూలు కదలికకే ఆ స్టాప్‌లాస్ తగిలి నష్టంతో బయటికి నెట్టేస్తుంది. మళ్లీ ధర లేస్తే మళ్లీ కొంటారు. ఇలా రెండు మూడుసార్లు జరిగితే షేరు పడకపోయినా పెట్టుబడి కరుగుతుంది. స్టాప్‌లాస్ ఎక్కడ పెట్టాలో చార్టు చెప్పాలి. కొనాలనుకున్న షేర్ల సంఖ్యకు తగ్గట్టు దాన్ని జరపడం వెనక నుంచి లెక్క రాసుకోవడమే.

ఆగినవాళ్లకు ఏం దొరికింది? జనవరి 23న 190 దాటిన షేరు, మార్చి మధ్యకల్లా 120 పరిసరాలకు దిగింది. ఆ తర్వాత ఏప్రిల్ నుంచి మే మధ్య వరకు స్థూలంగా 135, 160 మధ్య తిరుగాడింది. చార్టు చూసేవాళ్లు ‘బేస్’ అనేది ఇలాంటి విరామాన్నే. తొందరపడి కొన్నవాళ్లు నిరాశతో అమ్మేస్తారు, ఓపికున్నవాళ్ల చేతికి షేర్లు మారతాయి, మూవింగ్ యావరేజ్ మెల్లగా ధరకు దగ్గరవుతుంది. ధర 160 దాటి ముగిసినప్పుడు కొని, స్టాప్‌లాస్‌ను 138 దగ్గర పెడితే తేడా 22. అదే 2,000 రూపాయల నష్టభయానికి ఇప్పుడు 90 షేర్లు వస్తాయి. 185 దగ్గర 23 మాత్రమే. ఆ జులైలో షేరు 229 దాకా వెళ్లింది. 23 షేర్ల మీద లాభం వెయ్యి రూపాయలు కాగా, 90 షేర్ల మీద ఆరు వేలు దాటుతుంది.

ఈ కథ ఇంత చక్కగా కుదరడం తెలిసిన గతం కాబట్టే. బేస్ ఏర్పడకుండానే పైకి వెళ్లిపోయే షేర్లూ ఉంటాయి, ఆగినవాడికి వాటిలో ఏమీ దక్కదు. అది ఈ పద్ధతికి కట్టే రుసుము. దాన్ని ముందే ఒప్పుకోలేనివాళ్లకు మధ్యే మార్గం ఒకటుంది. పై లెక్క ఇచ్చిన 23 షేర్లను మాత్రమే ఇప్పుడు కొని, మిగతాది బేస్ తర్వాతి ధరకు వదిలేయడం. షేరు ఎగిరిపోతే కొంత దక్కుతుంది, పడితే దెబ్బ 2,000 దగ్గర ఆగుతుంది. ఏ ధరకు, ఎన్ని, ఎక్కడ తప్పుకోవాలి అన్న మూడు అంకెలను మార్కెట్ మూసి ఉన్న వేళ కాగితం మీద రాసి, ఆ ధరకు అలర్ట్ పెట్టుకుంటే కదిలే ధర ముందు కూర్చుని నిర్ణయించే అవసరం ఉండదు.

స్టాప్‌లాస్‌కూ హద్దుంది. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది, ప్రభుత్వ రంగ షేర్లు అంతకంటే ఎక్కువ దెబ్బతిన్నాయి. అలాంటి రోజున ధర మెట్టు మెట్టుగా దిగదు, ఒక్కసారిగా కిందికి దూకుతుంది. 138కి పెట్టిన అమ్మకం అంతకంటే తక్కువకు జరగవచ్చు. అందుకే పెద్ద ప్రకటన ముందున్నప్పుడు లెక్క ఇచ్చిన సంఖ్యలో సగమే కొనేవాళ్లున్నారు.

కొన్నాక బయటపడే నియమం లేకపోతే మంచి ధరకు కొన్నా ఫలితం దక్కదు. 229 చూసిన ఈ షేరు 2025 మార్చి ఆరంభానికి 110 లోపుకు వచ్చింది. ధర 50 రోజుల సగటు కింద ముగిస్తే అమ్మేయాలన్న చిన్న నియమం ఉన్నవాడు శిఖరం దగ్గర అమ్మలేడు, లాభంలో కొంత వదులుకుంటాడు. కానీ ఆ ఎనిమిది నెలల పతనమంతా షేరు పట్టుకుని కూర్చోడు.